హంపి మూడు రోజులు: తెల్లారుజామున బయటికి, పదికల్లా గదికి

ఒరేయ్ చిన్నోడా, మీరు మే 16 శుక్రవారం బయల్దేరి 18 ఆదివారం రాత్రికి అనంతపురం చేరేట్టు ప్లాన్ రాస్తున్నా. అమ్మ మోకాళ్లు, చిన్నాయన బీపీ, పిల్లల ఆకలి, అన్నీ లెక్కలోకి తీసుకున్నా. నువ్వు పంపిన ఇరవై రెండు చోట్ల లిస్టులో సగం పైగా కొట్టేశా. తిట్టుకోవద్దు. పోయినేడు ఇదే నెలలో మీ బావ "ఇంకొక్కటి చూసి పోదాం" అంటూ మధ్యాహ్నం పన్నెండున్నరకి మహానవమి దిబ్బ ఎక్కి, దిగేటప్పుడు కళ్లు తిరిగి మెట్టు మీదే కూలబడ్డారు. చుట్టూ చెట్టు లేదు, నీడ లేదు. హంపి అంతా బండరాయి. పొద్దున పీల్చుకున్న వేడిని సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. అందుకే మనకి మిగిలేవి తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా. మధ్యలో ఏసీ గది, తలుపు గడియ, నిద్ర.

అందుకోసమే హొసపేటలో కాకుండా కమలాపురంలో రెండు గదులు తీసుకున్నా. హొసపేట నుంచి హంపికి పదమూడు కిలోమీటర్లు, కమలాపురం నుంచి నాలుగే. రోజుకి రెండుసార్లు పోయి రావాల్సిన వాళ్లకి ఆ తేడా చాలా పెద్దది. కరెంటు పోతే ఏసీకి జనరేటర్ ఉందా అని రెండుసార్లు అడిగి మరీ అడ్వాన్స్ కట్టా.

శుక్రవారం: చేరడం, పడుకోవడం, హేమకూటం

తెల్లవారి నాలుగున్నరకి కారెక్కండి. ఉరవకొండ, విడపనకల్లు మీదుగా ఏడుకల్లా బళ్లారిలో మా ఇంటికి. టిఫిన్ నా దగ్గరే. ఉగ్గాని చేస్తా, బజ్జీలు మీ బావ తెస్తారు. ఎనిమిదికి మిమ్మల్ని లేవగొడతా, కబుర్లు ఆదివారానికి దాచుకోండి. తొమ్మిదిన్నరకి కమలాపురం. గది మామూలుగా పన్నెండుకి ఇస్తారు గానీ, పదికే ఇమ్మని మాట్లాడి పెట్టా.

ఆ తర్వాత నాలుగున్నర దాకా ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. "ఇంత దూరం వచ్చి పడుకోవడమేంటి" అని చిన్నాయన గొణుగుతారు. తెల్లారుజామున మూడున్నరకి లేచిన మనిషి, భోంచేశాక ఆయనే ముందు గురక పెడతారు చూడు. భోజనానికి జొన్నరొట్టె, ఎణ్ణెగాయి, మజ్జిగ చెప్పండి. ఎణ్ణెగాయి అంటే మన గుత్తివంకాయే.

నాలుగున్నరకి బయల్దేరి ముందు సాసివెకాళు గణపతి దగ్గర ఆగండి. చంద్రగిరి నుంచి వచ్చిన వర్తకుడొకాయన 1506లో ఈ మండపం కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. మన వైపు మనిషన్నమాట, అమ్మకి తప్పకుండా చెప్పు. విగ్రహం ముందు నుంచి చూసి వచ్చేయకుండా వెనక్కి పోండి. వెనక నుంచి చూస్తే ఆడమనిషి వీపు, జడ కనిపిస్తాయి. పిల్లాడు అమ్మ ఒళ్లో కూర్చున్నాడంటారు గైడ్లు. చిన్నదానికి ముందే చెప్పొద్దు, తనే కనిపెట్టనీ. పక్కనే కడలెకాళు గణపతి. అక్కడి గుడి స్తంభాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. లోపల చల్లగా ఉంటుంది, అమ్మ కాసేపు కూర్చోవచ్చు.

అక్కడి నుంచి హేమకూటం ఎక్కడం పెద్ద కష్టం కాదు. వాలుగా పరుచుకున్న బండ, అక్కడక్కడా చిన్న చిన్న గుళ్లు. ఎండాకాలం ఇక్కడ ఆరూ నలభై దాటాక గానీ పొద్దు గుంకదు. ఆరుంబావుకి పైన చేరితే చాలు. బండ మీద కూర్చునేముందు అరచేయి ఆనించి చూడండి. అప్పటికీ చురుక్కుమంటే దుప్పటి మడతేసి కూర్చోవాలి. చీకటి పడకముందే విరూపాక్షుడి గుడివైపు దిగి, దర్శనం చేసుకుని ఎనిమిదిన్నరకి గదికి రండి. చెప్పులు బయట విడవాల్సిందే. రాతి నేల సాయంత్రం కూడా వేడిగానే ఉంటుంది, అందరికీ పాత నూలు సాక్సులు తెచ్చుకోండి.

శనివారం: రెండు జట్లు

నాలుగూ నలభై ఐదుకి అలారం. ఐదుంబావుకి కారు కదలాలి. టీ ఫ్లాస్కులో, బిస్కెట్లు సంచిలో. టిఫిన్ తర్వాత.

ఇక్కడ మనవాళ్లు రెండు జట్లు. నువ్వు, పెద్దాడు నడిచే జట్టు. మరదలు మిమ్మల్ని హంపి బజారు తూర్పు కొసన, ఆ పెద్ద ఏకశిలా నంది దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి తుంగభద్ర ఒడ్డు పట్టుకుని విఠలాలయం దాకా సుమారు రెండు కిలోమీటర్ల కాలిబాట. మొత్తం హంపిలో నాకు బాగా ఇష్టమైంది ఈ నడకే. ఐదూ యాభై ఐదుకి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. ఆ మొదటి అరగంట నది అవతలి గుట్టలు బూడిద రంగు నుంచి లేత ఎరుపుకి తిరుగుతాయి. కోదండరాముడి గుడి దగ్గర నీళ్లలో తెప్పలు తిరగేసి కట్టేసి ఉంటాయి, పెద్ద పెద్ద గంపల్లా. దారిలో రెండు రాతి స్తంభాల మీద అడ్డంగా ఇంకో రాయి కనిపిస్తుంది. అది రాజుని బంగారంతో తూచే తులాభారమట. పెద్దాడు దానికింద నిలబడి ఫొటో అడుగుతాడు, తియ్యి. తొందరేం లేదు. టికెట్ కౌంటర్ తెరిచే టైం ముందురోజు రాత్రే హోటల్లో కనుక్కుని, దానికి తగ్గట్టు నడవండి.

అమ్మ, చిన్నాయన, చిన్నది, మరదలు విరూపాక్షుడి గుడి దగ్గరే ఉండిపోతారు. గుడి ఏనుగు లక్ష్మి పొద్దున్నే స్నానానికి నది మెట్ల దాకా వస్తుంది. చిన్నదానికి హంపి అంటే అదే గుర్తుండిపోతుంది, మిగతా రాళ్లన్నీ మనకి. అమ్మ ఘాట్ పై మెట్టు మీదే కూర్చోవాలి, కిందివి పాచిపట్టి జారుతాయి. అరటిపండ్లు చేతిలో పట్టుకోవద్దని చిన్నదానికి చెప్పు, కోతులు లాక్కుపోతాయి. ఎనిమిదికి వీళ్లంతా కారులో విఠలాలయం పార్కింగుకి. అక్కడి నుంచి గుడి దాకా బ్యాటరీ బండి ఉంటుంది, అమ్మని నడిపించొద్దు.

యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం ఇక్కడిదే. నోటు ఒకటి జేబులో పెట్టుకోండి, పిల్లలు పక్కపక్కన పెట్టి చూస్తారు. సంగీత స్తంభాల్ని తట్టనివ్వరు, తట్టొద్దు కూడా. అమ్మ నలభై ఏళ్లు పిల్లలకి పెద్దన పద్యాలు చెప్పింది కదా, ఆ మండపం ముందు ఒక్క పది నిమిషాలు ఆమెని ఆమె మానాన వదిలేయండి. రాయలు నడిచిన నేల అని ఆమె ఎన్నిసార్లు అందో నాకు తెలుసు.

ఎక్కడున్నా సరే, తొమ్మిదిన్నరకి వెనక్కి. టిఫిన్ కమలాపురంలో. మన ఉగ్గానినే ఇక్కడ మండక్కి ఒగ్గరణె అంటారు, మిర్చి బజ్జీతో ఇస్తారు. చిన్నాయనకి బజ్జీ ఒక్కటే. పదిన్నరకల్లా కర్టెన్లు వేసి పడుకోండి. నిద్ర పట్టని పిల్లలకి అష్టాచెమ్మా తెచ్చుకోండి, ఫోన్లు వద్దు.

ఒక కిటుకు: పొద్దున విఠలాలయంలో కొన్న టికెట్టే అదే రోజు కమలాపురం మ్యూజియానికి, జనానాకి కూడా చెల్లుతుంది. పారేయొద్దు, మరదలి పర్సులో పెట్టండి. మ్యూజియాన్ని శనివారంలో ఇరికించింది అందుకే. పైగా దానికి శుక్రవారం సెలవు. మూడూ నలభై ఐదుకి మ్యూజియం. కప్పు కిందే కాబట్టి ఆ వేళకి పరవాలేదు. మధ్య ఆవరణలో హంపి మొత్తం నమూనా చేసి పెట్టారు. పెద్దాణ్ణి పొద్దున నడిచిన దారి అందులో వెతకమను.

నాలుగూ నలభై ఐదుకి జనానా ఆవరణ: కమలమహల్, ఏనుగుశాలలు. ఏనుగుశాలలు పడమరకి తిరిగి ఉంటాయి. పదకొండు గదుల మీద సాయంత్రపు వెలుగు నేరుగా పడుతుంది. పొద్దున పోతే ఆ అందం ఉండదు. తర్వాత హజారరామ గుడి, గోడల మీద రామాయణం. చిన్నాయన్ని కథ చెప్పమనండి, ఆయనకి మైకు అక్కర్లేదు. ఓపికుంటే ఆరుకి మహానవమి దిబ్బ, నల్లరాతి మెట్ల పుష్కరిణి. అమ్మ కింద నుంచి చూస్తే చాలు. మీ బావ కూలబడ్డ మెట్టు ఎడమవైపు మూడోది, కావాలంటే దండం పెట్టుకోండి.

ఆదివారం: మాతంగ కొండ ఇష్టమైతేనే

నువ్వు, పెద్దాడు మాతంగ కొండ ఎక్కుతామంటే నాలుగున్నరకే లేవాలి. చీకట్లో ఇద్దరే పోవద్దు. హోటల్ వాళ్లు తెలిసిన గైడుని పంపుతామన్నారు, ఆయన వెంట ఉంటేనే. టార్చి, బూట్లు తప్పనిసరి. పైనుంచి అచ్యుతరాయల గుడి మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. శనివారం అలసిపోయి ఉంటే మానేయండి. నేనైతే మానేస్తా.

ఏడున్నరకి అందరూ కృష్ణాలయం దగ్గర కలవండి. ఉదయగిరి గెలిచాక రాయలు 1513లో కట్టించిన గుడి ఇది. ఆ ఉదయగిరి మన నెల్లూరు జిల్లాదే. అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కాస్త ముందుకెళ్తే 1528 నాటి లక్ష్మీనరసింహుడు, ఆరు మీటర్ల పైన ఎత్తు. ఉగ్రనరసింహుడని అందరూ అంటారు గానీ, ఒళ్లో లక్ష్మీదేవి ఉండేది. విరిగిపోగా ఆమె చెయ్యి మాత్రం స్వామి వెనక మిగిలింది, వెతికి చూడండి. పక్కనే నీళ్లలో బడవిలింగం. తొమ్మిదికల్లా ముగించి, సామాను కారులో పెట్టి, పదకొండున్నరకి మా ఇంటికి. మామిడికాయ పప్పు, వడియాలు. తర్వాత చాపలు పరిచి కూలర్ పెడతా, ఐదు దాకా పడుకోండి. ఐదున్నరకి బయల్దేరితే చల్లగా ఇంటికి పోతారు.

ఆనెగుంది, అంజనాద్రి కావాలనే వదిలేశా. మే నెలలో అన్ని వందల మెట్లు అమ్మతో కుదరదు. కార్తీకంలో రండి, నేనూ వస్తా.

సంచిలో ఉండాల్సినవి

మనిషికి పూటకి రెండు లీటర్ల లెక్కన నీళ్లు, ఒక క్యాను కారులోనే. ఓఆర్ఎస్ పది పొట్లాలు. తడిపి మెడకి చుట్టుకోడానికి నాలుగు తువ్వాళ్లు, అందరికీ నూలు బట్టలే. రెండు నల్ల గొడుగులు. చిన్నాయన బీపీ మాత్రలు కారులో వదిలేయొద్దు, ఆ వేడికి పాడవుతాయి. ఎండలో తిరిగేటప్పుడు మాత్ర మోతాదు మార్చాలా అని బయల్దేరేముందు డాక్టర్ని అడిగేయండి. స్టీరింగ్ మీద తువ్వాలు కప్పాకే కారు దిగు, లేకపోతే మరదలు చేతులు కాల్చుకుంటుంది.

ఎవరికైనా తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే నీడకి తీసుకెళ్లి, బట్ట తడిపి తుడిచి, గుక్క గుక్కగా నీళ్లు తాగించండి. పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, చెమట ఆగిపోయినా ఇంక ఆలోచించొద్దు. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా తడిపి విసురుతూ ఉండండి. తర్వాత నాకు చెయ్యి, గంటన్నరలో అక్కడుంటా.

గది రసీదు ఫొటో ఇందాకే పంపా. గురువారం రాత్రి తొమ్మిదికే పడుకోండి, ఉగ్గానికి బొరుగులు నానబెట్టాలో లేదో నాలుగున్నరకి కారెక్కగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు.