రెజ్యూమె: తాగునీటి శుద్ధి విభాగంలో ప్రాసెస్ ఇంజనీర్ ఉద్యోగానికి

సారాంశం

సివిల్ ఇంజనీరింగ్‌లో బి.టెక్. పూర్తయ్యాక ఆరేళ్లు తాగునీటి రంగంలో పనిచేసి, 2023లో ఉద్యోగం వదిలి, పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేసి 2025లో పట్టా పొందాను. ఉద్యోగంలో నన్ను వెంటాడిన రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడానికే చదువుకు వెళ్లాను. అందువల్ల ఉద్యోగాలను ఒకచోట, ప్రాజెక్టులను మరోచోట పెట్టకుండా, ఏ పనిలో పుట్టిన ప్రశ్నకు ఏ ప్రాజెక్టు జవాబో తెలిసేలా పక్కపక్కన ఇచ్చాను.

పటిక మోతాదు

*ఉద్యోగం: షిఫ్ట్ ఇంజనీర్, శుద్ధి కేంద్రం, 2017–2020.* రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యం గల కేంద్రంలో ఒక షిఫ్టు బాధ్యత నాది. వరద రోజుల్లో నదినీటి టర్బిడిటీ కొన్ని గంటల్లోనే 30 నుంచి 400 ఎన్‌టీయూకు చేరేది. జార్ టెస్ట్ ఫలితం వచ్చేలోగా నీటి తీరు మళ్లీ మారిపోయేది కనుక, పటిక మోతాదును ఆపరేటర్ల అనుభవం మీదే నిర్ణయించవలసి వచ్చేది.

*ఎం.టెక్. థీసిస్, 2024–2025.* టర్బిడిటీతోపాటు క్షారత, పీహెచ్ విలువలను కూడా మారుస్తూ జార్ టెస్టులు చేసి, షిఫ్టులో వెంటనే చూసుకోగలిగిన మోతాదు పట్టికను తయారుచేశాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను హరిస్తుంది కాబట్టి, క్షారత తక్కువున్న నీటిలో పటిక పెంచినకొద్దీ పీహెచ్ పడిపోయి గడ్డకట్టే చర్యే దెబ్బతింటుందన్నది ఈ పట్టికకు ఆధారం. తేరిన నీటి నాణ్యత తగ్గకుండానే సగటున 12 శాతం పటిక ఆదా అయింది. ఇది ప్రయోగశాలలో వచ్చిన ఫలితం. ప్లాంటు స్థాయిలో దీన్ని పరీక్షించే అవకాశం ఉన్న ఉద్యోగాన్నే కోరుకుంటున్నాను.

మిగులు క్లోరిన్

*ఉద్యోగం: సహాయ ఇంజనీర్, పంపిణీ విభాగం, 2020–2023.* పైపులైన్ల చివరి కొళాయిల దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గినప్పుడల్లా కేంద్రంలోనే మోతాదు పెంచేవాళ్లం. దానివల్ల దగ్గరి ఇళ్లవారికి ఘాటైన వాసన, దూరపు ఇళ్లవారికి అదే కొరత. నమూనాల సేకరణను, ఫిర్యాదుల నమోదును వారంవారీ క్రమంలోకి తెచ్చాను.

*కోర్సు ప్రాజెక్టు, 2024.* సీసా పరీక్షలతో క్లోరిన్ క్షయ రేటు కట్టి, EPANETలో ఒక నమూనా పంపిణీ వ్యవస్థను నిర్మించాను. నీరు ఎక్కువసేపు నిలిచే ట్యాంకు దగ్గర కొద్దిపాటి క్లోరిన్ మళ్లీ కలిపితే, కేంద్రంలో మోతాదు తగ్గించినా చివరి కొళాయి దాకా కావలసిన స్థాయి నిలుస్తుందని అందులో తేలింది.

ఇతర వివరాలు

EPANET, పైథాన్, ఎక్సెల్‌లతో స్వయంగా పనిచేయగలను. రాత్రి షిఫ్టులకు, క్షేత్ర పర్యటనలకు సిద్ధంగా ఉన్నాను. నియామక పత్రం అందిన 15 రోజుల్లో విధుల్లో చేరగలను.